చుక్కంటే ఏ చుక్క

పదకొండు రోజులుగా ద్వారకానాథ్ గారు దేవుడి ముందు దీపం పెట్టలేదు. ఆ సంగతి మాకు కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళిన రోజు తెలిసింది. శనివారం వెర్రిబీ నుంచి తెలుగువాళ్ళం అందరం ఒకే బండిలో గుడికి వెళ్తాం. గంటకు పైగా ప్రయాణం. దారంతా ఆయన గోవింద నామాలు పైకి చదువుతూ వస్తారు. ఆ రోజు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గుడి దగ్గర దిగమంటే, "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు.

ఆయన భార్య కుసుమ గారు లోపలికి వెళ్ళింది. దర్శనం చేసుకుని, ప్రసాదం పులిహోర రెండు ఆకు దొన్నెల్లో తెచ్చి, ఒకటి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన తినలేదు, పక్కన పెట్టనూ లేదు. ఇంటికి చేరేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.

ఆయనది ఒంగోలు దగ్గర పల్లె. గన్నవరంలో పశువైద్యం చదివి, పదిహేనేళ్ళు ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో పని చేసి, నలభై దాటాక ఈ దేశం వచ్చారు. ఇక్కడ డాక్టరుగా నమోదు కావాలంటే రాయాల్సిన పరీక్ష రెండుసార్లు రాశారు. రెండుసార్లూ పోయింది. మూడోసారి రాయలేదు. బాలియాంగ్ వైపు, వెర్రిబీకి అరగంట దూరంలో, మార్గరెట్ అనే పెద్దావిడ గొర్రెల పొలానికి మేనేజరుగా చేరి తొమ్మిదేళ్ళయింది. పొలంలోనే చిన్న ఇల్లు ఇచ్చారు. పక్క పొలం ముసలాయన కోలిన్ మాత్రం మొదటి రోజు నుంచీ ఆయన్ని "డాక్" అనే పిలుస్తాడు. "నేను ఇక్కడ డాక్టర్ని కాను" అని ద్వారకానాథ్ గారు ఎన్నిసార్లు చెప్పినా, "నేను నీ సర్టిఫికెట్టును పిలవడం లేదు మేట్, నిన్ను పిలుస్తున్నా" అంటాడు.

పొలానికి ఒకే రైఫిలు. గొళ్ళెం లాగి ఒక్కొక్క తూటా ఎక్కించే రకం, పొట్టిది, తేలికది. అన్ని పనులకూ అదే. కాలు విరిగి లేవలేని గొర్రెకు పది అడుగుల దూరంలో అదే. ఈనిన గొర్రె పక్కన పిల్లను లాక్కుపోవడానికి వచ్చిన నక్కకు నూటముప్పై మీటర్ల దూరంలోనూ అదే. లైసెన్సు ఆయన పేరనే ఉంది. రైఫిలు ఇనప బీరువాలో, తూటాలు వేరే తాళంలో.

పశువుల్ని బతికించడం నేర్చుకున్న మనిషి చంపడానికి ఒప్పుకున్నారంటే అందుకు ఒక మాట ఉంది. చేరిన మొదటి ఏడు ఆయన దేవుడి ముందు అనుకున్న మాట అది. నా చేతిలో పోయే జీవం ఒక్క తూటాతో పోవాలి, అది పోయిందని నేను దగ్గరికెళ్ళి చూడాలి. అలా జరిగిన రోజు ఆయన స్నానం చేసేదాకా దీపం ముట్టరు. స్నానం అయ్యాక, పోయిన దాని పేరిట ఒక గోవిందా అని, దీపం పెడతారు. దాంతో ఆ రోజుకు మైల తీరిపోతుంది.

పదకొండు రోజుల క్రితం మంగళవారం తెల్లవారుజామున ఆయన కాల్చిన నక్క పడిపోలేదు. అరిచి, మూడు కాళ్ళ మీద పొడుగాటి గడ్డిలోకి పోయింది. మధ్యాహ్నం దాకా రక్తం చుక్కలు పట్టుకుని వెతికారు. వాన వచ్చి చుక్కలు కడిగేసింది.

"చచ్చిపోయి ఉంటే స్నానం చేస్తాను" అని కారులో తిరుగు ప్రయాణంలో ఆయనే మాతో అన్నారు. "బతికి ఉంటే చేసేదేముంది? ఈ మైల ఎప్పుడు మొదలైందో తెలుసు. ఎప్పుడు తీరుతుందో తెలియదు."

*

అసలు కథ ఆ రైఫిలు మీద ఏం బిగించాలన్న దగ్గర మొదలైంది.

మొదట్లో దాని మీద పాత స్కోపు, అంటే గురి చూసే దుర్బీను, ఉండేది. ఎప్పుడూ ఆరు రెట్లు పెద్దదిగా చూపించేది, తగ్గించడానికి లేదు. దూరానికి బాగానే ఉండేది. ఏప్రిల్లో ఊరకుక్కలు రెండు మంద మీద పడ్డాయి. చీలిపోయిన పొట్టతో ఒక గొర్రె దొడ్లో గిరగిర తిరుగుతోంది. దగ్గరికి పోతే పరిగెడుతుంది, పేగులు ఈడుస్తుంది. ఆయన పది మీటర్ల నుంచి రైఫిలు ఎత్తితే అద్దంలో ఉన్ని తప్ప ఏమీ కనిపించలేదు. తల ఎక్కడుందో, పక్క ఎక్కడుందో తెలియదు. అది ఆగి, ఆయనకు చెవి కనిపించేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. "ఆ నాలుగు నిమిషాలు దానివి కావు, నావి" అనేవారు తర్వాత.

ఆ మాట విన్నది విఠల్. వెర్రిబీలో ఉంటాడు, కంప్యూటర్ ఉద్యోగం, కరీంనగర్ కుర్రాడు. కుర్రాడంటే ముప్పై నాలుగేళ్ళు. ఆదివారాలు షూటింగ్ క్లబ్బులో గురి కొడతాడు.

"అన్నా, నువ్వు ఇంక గా దుర్బీను పట్టుకొని తిరుగుతున్నవా? రెడ్ డాట్ వెట్టుకో. రెండు కండ్లు తెరిచే చూడొచ్చు. చుక్క ఏడుంటే తూటా ఆడ. కన్ను గిటు జరిగినా, గటు జరిగినా ఫరక్ వడదు."

"దూరానికి పనికొస్తుందా?"

"ఎందుకు రాదు? నేను నూరు మీటర్ల మీద పళ్ళెం కొడతా."

"పళ్ళెం పరిగెత్తదుగా విఠలూ."

"నక్క గూడ పళ్ళెమంత ఉంటది గదనే!"

విఠల్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అది చిన్న గాజుబిళ్ళ. దానిమీద లోపలి దీపం ఎర్రచుక్కను వేస్తుంది. ఏదీ పెద్దదిగా కనిపించదు, కంటికి ఎలా ఉందో అలాగే. అందుకే దొడ్లో తిరిగే గొర్రెకు దానంత మంచిది లేదు. బ్యాటరీ ఏళ్ళు వస్తుంది. బరువు కూడా లేదు. విఠల్ తన సొంతది ఊడదీసి, తనే వచ్చి పొలంలో బిగించి, "వాపస్ ఇయ్యకున్నా సరే" అని వెళ్ళాడు. దానికి ఆయన ఇంటి దబ్బనిమ్మకాయలు సంచీ నిండా ఇచ్చి పంపారు.

బిగించాక ఆయన యాభై మీటర్ల దగ్గర గురి సరిచూసుకున్నారు. తూటాలు ఒకచోట పడలేదు. అరచేయంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. చేతి వణుకు అనుకున్నారు. చుక్క ఆయనకు గుండ్రంగా కనిపించలేదు. ఎర్రగా చిట్లి, అటూ ఇటూ తోకలు తీసి కనిపించింది. రెడ్ డాట్ అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నారు. ఇంతకు ముందు ఆయన ఎప్పుడూ చూసి ఉండలేదు కదా. విఠల్ ని ఫోన్లో అడిగితే, "లైట్ ఎక్కువ వెట్టినవేమో, తగ్గించన్నా" అన్నాడు. తగ్గించారు. తోకలు కాస్త పొట్టివయ్యాయి, పోలేదు.

ఆ చుక్కతో కాల్చినదే ఆ మంగళవారం నక్క.

*

ఆ తర్వాత వారం నుంచీ గొర్రెపిల్లలు పోవడం ఎక్కువైంది. జూలై, ఈతల కాలం. రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. అప్పుడే పుట్టినవి, ఇంకా తడి ఆరనివి. ఒకటి రెండు గంటల పిల్లలైతే పరిగెత్తలేవు. ద్వారకానాథ్ గారు ప్రతి పొద్దునా ఆ మిగిలిన కాళ్ళూ చెవులూ ఏరుకొచ్చేవారు. బురదలో అడుగులు చూసేవారు. మూడే అడుగులు పడ్డాయి, నాలుగోది లేదు.

కుందేళ్ళను పట్టలేని కుంటినక్క పిల్లల మీద పడిందన్నమాట. ఆయనకది అర్థమైన రోజు అన్నం దగ్గర కూర్చుని లేచిపోయారు.

మార్గరెట్ గారు కోపిష్ఠి కాదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఆయనకు ఒంట్లో బాలేదని తెలిస్తే తనే సూపు కాచి గుమ్మంలో పెట్టి పోతుంది. కానీ పొలం నడవాలి. ఆ శనివారం సాయంత్రం, గుడి నుంచి రాగానే, ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది.

"డ్వార్కా, వచ్చే సోమవారం తర్వాత సోమవారానికి మందు పెట్టేవాణ్ణి పిలిచాను. నువ్వు ఈలోపు ఆపగలిగితే వాణ్ణి వద్దంటాను."

మందు అంటే మాంసం ముక్కల్లో పెట్టే విషం. దానికి లైసెన్సు ఉన్న మనిషి వచ్చి, చుట్టుపక్కల వాళ్ళకు చెప్పి, బోర్డులు పెట్టి, నేలలో పూడుస్తాడు. ఇక్కడ చాలా పొలాల్లో చేసేదే. ద్వారకానాథ్ గారికి ఆ విషం లోపలికి పోయాక ఏం చేస్తుందో చదువులో తెలుసు. గంటలు పడుతుంది. కోలిన్ కుక్క రస్టీ కంచె దూరి ఈ పొలంలోకి రోజూ వస్తుందని కూడా తెలుసు.

"తొమ్మిది రోజులు ఇవ్వండి" అన్నారాయన.

*

మర్నాడు ఆదివారం. తెల్లవారుతోంది. సన్నటి మంచు. చెరువు గట్టు దగ్గర గొర్రె ఒకటి ఈని, పిల్లను నాకుతోంది. నూటపాతిక మీటర్ల అవతల, గడ్డిలో ఎర్రగా ఒకటి వంగి వంగి వస్తోంది. చెవులు నిక్కబొడుచుకుని, తోక కిందికి వాల్చి. దాని వెనక మట్టిగట్టు, తూటా దాటిపోయే భయం లేదు.

ఆయన బండి బానెట్ మీద రైఫిలు ఆనించి చుక్క దాని మీద పెట్టారు. ఆ మసక వెలుగులో చుక్క ఇంకా చిట్లింది. తోకలు చాచిన ఆ ఎరుపు వెనక ఆ జంతువు మొత్తం దాక్కుంది. తల ఏదో, తోక ఏదో తెలియలేదు. వేలు మీటకు తగిలింది.

అప్పుడే ఈల వినిపించింది. కోలిన్ ఈల, రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఆ ఎర్రనిది తల ఎత్తి వెనక్కి తిరిగి కంచె వైపు పరిగెత్తింది. నాలుగు కాళ్ళ మీద.

రస్టీ. కోలిన్ గొర్రెలు కాసే కెల్పీ కుక్క. అదీ ఎరుపే.

ద్వారకానాథ్ గారు తూటా తీసి జేబులో వేసుకుని, రైఫిలు బండిలో పెట్టి తాళం వేసి, కంచె దాకా నడిచి వెళ్ళారు. కోలిన్ తో జరిగింది జరిగినట్టు చెప్పారు. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

ముసలాయన వంగి రస్టీ చెవులు నిమిరాడు. తర్వాత, "దీనికి నారింజ రంగు మెడపట్టీ కొంటానని మూడేళ్ళుగా అనుకుంటున్నా. తప్పు నాది కూడా డాక్" అన్నాడు. అంతే. మధ్యాహ్నం వాళ్ళింటి నుంచి డజను గుడ్లు వచ్చాయి. కుసుమ గారు గుడ్లు తినరని కోలిన్ కు ఈ తొమ్మిదేళ్ళలో తెలియలేదు. ఆవిడా ఎప్పుడూ చెప్పదు. తీసుకుని, థాంక్యూ చెప్పి, మార్గరెట్ గారికి ఇచ్చేస్తుంది.

ఇంటికొచ్చాక ఆయన రైఫిలు బీరువాలో పెట్టి తాళం వేశారు. కుసుమ గారు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ వెర్రిబీలో కళ్ళద్దాల కొట్లో పని చేస్తుంది. ఫ్రేములు సరిచేయడం, అద్దాలు బిగించడం.

"ఇక నా వల్ల కాదు కుసుమా. రైఫిలు తిరిగి ఇచ్చేస్తాను. మందే పెట్టుకోనీ."

"అసలేం జరిగిందో చెప్పండి ముందు."

"చుక్క పెట్టాను. చుక్క తప్ప ఏం కనపడలా."

"చుక్కంటే?"

"చుక్కే. ఎర్ర చుక్క."

"అబ్బ, అది కాదండీ. చుక్కంటే ఏ చుక్క? బొట్టు చుక్కా, ఆకాశంలో చుక్కా?"

ఆయన టీకప్పు కింద పెట్టారు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. విఠల్ తో ఫోన్లో మాట్లాడినప్పుడు ఆయనా చుక్క అన్నారు, అతనూ చుక్క అన్నాడు. ఇద్దరూ ఒకటే చూస్తున్నారనుకున్నారు.

"ఆకాశంలో చుక్కే" అన్నారు మెల్లగా. "కాళ్ళూ చేతులూ ఉన్న చుక్క."

కుసుమ గారు లేచి ఫోను తీసుకుంది. "పదండి, నాకు చూపించండి."

తూటాలు వేరే బీరువాలో ఉండగా, ఖాళీ రైఫిలు వరండాలో బల్ల మీద పెట్టారు. గొళ్ళెం తీసి, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకున్నారు. ఆవిడ వంగి చూసింది. "నాకు చక్కగా గుండ్రంగా ఉందే. ముక్కుపుడకలాగా." ఫోను కెమెరా ఆ గాజు వెనక పెట్టి ఫోటో తీసింది. ఫోటోలోనూ గుండ్రమే. తర్వాత ఆయన్ని చూడమని, రైఫిలు మెల్లగా పక్కకు వంచింది.

"తోకలు తిరిగాయా?"

"లేదు. అలాగే ఉన్నాయి."

"వస్తువులో లోపమైతే వస్తువుతో పాటే తిరిగేవి. అవి మీ కంట్లో ఉన్నాయి." ఆవిడ గొంతు మారింది. "ఆరేళ్ళ నుంచి చెప్తన్నా, ఒక్కసారి కొట్టుకి రండి, కళ్ళు చూపించుకోండి అని. మందులషాపులో దొరికే రెడీమేడ్ కళ్ళద్దాలు పెట్టుకుని పేపరు చదివితే సరిపోద్దా? దూరం చూపు ఎవరు చూస్తారు?"

"పశువులకు చూశాను గాని..."

"ఆఁ, పశువులకు చూశారు. మీకెవరు చూస్తారు మరి?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. నక్క అరుపు గుర్తొచ్చిందేమో.

*

సోమవారం కుసుమ గారి కొట్లో కళ్ళ పరీక్ష చేశారు. ఎడమ కంట్లో కొద్దిగా, గురి చూసే కుడి కంట్లో బాగా, సిలిండర్ పవరు. కనుగుడ్డు ముందు పొర నున్నటి బంతిలా కాక కోడిగుడ్డులా ఉంటే, వెలుగుచుక్క ఒకచోట నిలవక సాగిపోతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. కళ్ళద్దాలు పెట్టుకుంటే చుక్క చాలావరకు గుండ్రమవుతుంది. కానీ అద్దాలు తయారై రావడానికి పది రోజులు.

విఠల్ విని చాలా బాధపడ్డాడు. బుధవారం సెలవు పెట్టి, ఆయన్ని గీలాంగ్ లో తుపాకుల కొట్టుకు తీసుకెళ్ళాడు. దారిలో మాత్రం వాదన మానలేదు.

"పది దినాలు ఆగన్నా. అద్దాలు వస్తయి. రెడ్ డాటే మంచిది."

"అద్దాలొచ్చాక చుక్క గుండ్రమవుద్ది. ఒప్పుకున్నా. కానీ విఠలూ, అవతలున్నది నక్కో కుక్కో చుక్క చెప్పదుగా? నూటపాతిక మీటర్ల దగ్గర నాకు అది కంటికి కనిపించినంతే. అందులోనూ వానలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉంటానా?"

విఠల్ బండి వేగం తగ్గించాడు. "నేను కొట్టేది పళ్ళేలే గదా" అన్నాడు చివరికి. "పళ్ళెం ఎవల కుక్కో అని అడిగే పనిలేదు."

కొట్టతను నెమ్మదస్తుడు. ఒకటి నుంచి ఆరు రెట్లు దాకా మార్చుకునే పొట్టి స్కోపు ఒకటి తీసి ఇచ్చాడు. పైన వేలితో తిప్పే వలయం ఉంది. ఒకటి మీద పెడితే కంటికి ఎలా ఉందో అలాగే, రెండు కళ్ళూ తెరిచి చూడొచ్చు. ఆరు మీద పెడితే వీధి చివరి బోర్డులో అక్షరాలు దగ్గరికొచ్చాయి. గురి గీత వెలుగు కాదు, గాజు మీద చెక్కిన నల్లగీత. బ్యాటరీ అయిపోయినా అది ఉంటుంది. కంటి దగ్గరి వలయం తిప్పుతూ పోతే ఒకచోట ఆ గీత స్పష్టంగా నిలబడింది. ద్వారకానాథ్ గారు చాలాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయారు.

కొట్టతను లోపాలూ చెప్పాడు. "రెడ్ డాట్ కంటే మూడు నాలుగింతలు బరువు. కన్ను సరైన చోట, సరైన దూరంలో పెట్టకపోతే అంచులు నల్లబడతాయి. ఒకటి మీద కూడా రెడ్ డాట్ అంత తొందరగా దొరకదు. ఆరు మీద పెడితే మసక వెలుగులో కొంచెం చీకటిగా ఉంటుంది. దగ్గర పనే ఎక్కువైతే నేను రెడ్ డాటే ఇస్తాను."

"దగ్గర పని నాకు తొందర ఉండదు" అన్నారు ద్వారకానాథ్ గారు. "దూరం పనికి తప్పు ఉండకూడదు."

రెడ్ డాట్ కాగితంలో చుట్టి విఠల్ చేతిలో పెట్టారు. "నీది మంచిదే. నా కన్నే మంచిది కాదు." విఠల్ దాన్ని జేబులో వేసుకోలేక, బండిదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

స్కోపు బిగించే మరలు ఎంత గట్టిగా తిప్పాలో కొలిచే పనిముట్టు విఠల్ దగ్గర ఉంది. శనివారం క్లబ్బులో తనే బిగించాడు. ముందు యాభై మీటర్ల దగ్గర కాగితం మీద పడేలా చూసి, తర్వాత నూరు మీటర్లకు వెళ్ళారు. స్కోపు మీది బొడిపెను ఒక టక్కు తిప్పితే నూరు మీటర్ల దగ్గర తూటా ఒక సెంటీమీటరు జరుగుతుంది. కుడికి మూడు టక్కులు, పైకి ఐదు. చివరి మూడు తూటాలు అగ్గిపెట్టె కింద దాచేంత చోట పడ్డాయి.

"చెయ్యి వణుకుడు ఏడబోయింది అన్నా?" అన్నాడు విఠల్.

ఆయన ఖాళీ రైఫిలు బల్ల మీద పెట్టారు. పది మీటర్ల దగ్గర ఇంకో కాగితం పెట్టించారు. అంత దగ్గరలో తూటా గీత కంటే నాలుగు సెంటీమీటర్లు కింద తగిలింది. స్కోపు గొట్టానికి పైన ఉంటుంది కాబట్టి. రెడ్ డాట్ అయినా అంతే. కింద పడిన ఆ చిల్లు మీద ఆయన వేలు పెట్టి, మనసులో కొలిచి ఉంచుకున్నారు. ఆ సాయంత్రమే అది అవసరపడింది. వాగు పక్కన తీగల్లో కాలు ఇరికి, ఎముక బయటికొచ్చిన గొర్రె. దగ్గరికి పోతే ఇంకా గింజుకుంటోంది. వలయం ఒకటి మీద పెట్టారు. తల, చెవులు, కన్ను, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నాలుగు సెంటీమీటర్లు పైకి. ఒకటే తూటా.

ఇంటికొచ్చి స్నానం చేశారు. కుసుమ గారు దీపం కుందిలో వత్తి వేసి పిలిచింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "దీనిదైతే తీరింది. దానిది తీరలా" అన్నారు. దీపం ఆవిడే పెట్టుకుంది.

*

ఆదివారం తెల్లవారింది. మర్నాడు పది గంటలకు మందు పెట్టేవాడు వస్తాడు.

రాత్రి వాన వెలిసింది. చెరువు గట్టు మీద వెలుగు పడుతోంది. కంచెకు అటువైపు రస్టీ తిరుగుతోంది, మెడలో కొత్త నారింజ పట్టీ దూరానికే మెరుస్తోంది. ఈ వైపు గడ్డి కదిలింది. ఎరుపు.

ఆయన మొదట ఒకటి మీద చూశారు. ఎర్రనిది, కుక్కంత. అంతే తెలిసింది. వలయం ఆరుకు తిప్పారు.

నక్క. ఎడమ ముందుకాలు మోకాలి కింద లేదు. ఉన్నంత మేర నల్లగా ఎండి వేలాడుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. రెండడుగులు వేసి కూర్చుంటోంది. లేచి మళ్ళీ రెండడుగులు. నోరు తెరుచుకుని ఉంది. కళ్ళు గొర్రెపిల్ల మీద ఉన్నాయి. ఆ కళ్ళలో ఉన్నది ఆకలి ఒక్కటే. పందొమ్మిది రోజులు.

ఎర్రచుక్క వెనక అయితే ఇదేదీ కనిపించేది కాదు. కాల్చి ఉంటే అది ఏదో నక్క అనుకునేవారు. ఇప్పుడు అద్దం దాన్ని ఎదురుగా తెచ్చి కూర్చోబెట్టింది. కంటి నుంచి తీసేద్దామంటే తీయలేకపోయారు. తను చేసిన పని అంతా ఒక్కొక్కటిగా చూశారు.

వెనక గట్టు ఉంది. గొర్రె పక్కకు ఉంది. నల్లగీత దాని భుజం వెనక నిలిచింది, కదలలేదు.

ఒకటే తూటా. అది ఉన్నచోటే పక్కకు ఒరిగింది. అరవలేదు.

ఆయన గొళ్ళెం లాగి, ఖాళీ చేసి, నడిచి వెళ్ళి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. పశువుల డాక్టరు చూసినట్టే చూశారు. కన్ను తాకి చూశారు. తర్వాత ఆ కాలు చేతిలోకి తీసుకున్నారు.

కోలిన్ కంచె మీదుగా చూసి, బండిలోంచి రెండు పారలు తెచ్చాడు. ఇద్దరూ చెరో పక్క తవ్వారు. ముసలాయనకు నడుంనొప్పి. అయినా సగం అతనే తవ్వాడు.

మార్గరెట్ గారికి చెప్తే, ఆవిడ అక్కడే ఫోను తీసి సోమవారం మనిషిని వద్దంది. "ఈ నెలకు చూద్దాం. ఇంకో నక్క రాదని కాదు" అంది. ఆయన తలూపారు. రాదని ఆయనా అనుకోవడం లేదు.

ఇంటికి వచ్చి స్నానం చేశారు. చాలాసేపు చేశారు. బయటికొచ్చేసరికి కుసుమ గారు వత్తి నూనెలో తడిపి, అగ్గిపెట్టె పక్కన పెట్టి, తను పక్కకు తప్పుకుని నిలబడింది.

ఆయన గోవిందా అన్నారు. దీపం పెట్టారు. పెట్టాక వెనక్కి రాలేదు. ఆ వెలుగును చూస్తూ నిలబడ్డారు. కళ్ళద్దాలు ఇంకా రాలేదు, ఆయన కంటికి దీపం కూడా అటూ ఇటూ చిట్లిపోయి కనిపిస్తూ ఉండాలి.

"బాగా కనిపించిందా అండీ, కొత్తదాంట్లో?" అంది కుసుమ గారు వెనక నుంచి.

"కనిపించింది" అన్నారాయన. "అంతా కనిపించింది."

ఆవిడ దీపంలో ఇంకాస్త నూనె పోసింది. వచ్చి ఆయన పక్కన నిలబడింది.